ఫ్రెంచ్ మందు కాగితాన్ని తెలుగులో రాయడం: మోతాదు మారకుండా, హెచ్చరిక జారకుండా

యానాంలో 1962లో విలీన ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఫ్రెంచ్ పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పిల్లలు, మనవలు ఫ్రాన్సు నుంచి సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో చాక్లెట్లతో పాటు మందులు కూడా సర్దుకొస్తారు. వాటిలో పారాసిటమాల్ ఉండని పెట్టె అరుదు. డబ్బా లోపల సన్నని అక్షరాలతో మడత పెట్టిన కాగితం ఉంటుంది. ఫ్రెంచ్‌లో దాన్ని 'నొతీస్' అంటారు. ఇంట్లో మందు వేసుకోవలసిన మామ్మకో తాతయ్యకో ఫ్రెంచ్ రాదు. అందుకే ఫ్రెంచ్ వచ్చిన వాళ్ళని పట్టుకుని "కాస్త తెలుగులో రాసిపెట్టు బాబూ" అని అడుగుతారు. అలా రాసిపెట్టవలసిన వారి కోసమే ఇది.

ఉదాహరణకు 1000 మి.గ్రా. పారాసిటమాల్ బిళ్ళ కాగితాన్ని తీసుకుందాం. మన మెడికల్ షాపుల్లో అలవాటైన బిళ్ళ 500 లేదా 650. ఫ్రాన్సు నుంచి వచ్చింది వెయ్యి. చూడడానికి రెండూ తెల్ల బిళ్ళలే. ఈ తేడా వల్లే తర్జుమాలో చిన్న మాట జారినా నష్టం పెద్దదవుతుంది.

పెన్ను పట్టే ముందు

ముందుగా కాగితం ఆ డబ్బాదేనా అని చూడండి. ఒకే పేరుతో 500 బిళ్ళ, 1000 బిళ్ళ, నీళ్ళలో కరిగే బిళ్ళ, పొడి ప్యాకెట్టు, పిల్లల సిరప్పు, మలద్వారంలో పెట్టే మందు కూడా అమ్ముతారు. పార్శిల్ బరువు తగ్గించడానికి డబ్బాలు పారేసి, అట్టలు, కాగితాలు విడివిడిగా సర్దే అలవాటు చాలామందికి ఉంది. కాగితం మీద, బిళ్ళల అట్ట మీద మూడు సంగతులు కలవాలి: పేరు, బలం, రూపం. ఒక్కటి కలవకపోయినా తర్జుమా మొదలుపెట్టకండి. సరైన కాగితం దొరికేదాకా ఆగండి.

కాగితంలో ఆరు భాగాలుంటాయి, ఏ మందుకైనా ఇదే వరస: ఇది ఏ మందు, వాడే ముందు తెలుసుకోవలసినవి, ఎలా వాడాలి, రాగల దుష్ప్రభావాలు, ఎలా దాచాలి, డబ్బాలో ఏముంది. ఒకటో భాగం నుంచి వరసగా రాసుకుంటూ పోతే మూడో భాగానికి వచ్చేసరికి అలిసిపోతారు. మోతాదంతా ఉండేది అక్కడే. అందుకని మూడోది ముందు చేయండి, తర్వాత రెండోది, ఆ తర్వాత మిగతావి.

అంకెల పట్టీ

వాక్యాలు తర్జుమా చేయకముందే ఒక నోటుబుక్కు పేజీలో అంకెలన్నీ దించుకోండి. ఒక్కో అంకె పక్కన మరో మూడు విషయాలు రాయాలి: అది ఏ కొలతలో ఉంది, దానికి తగిలించిన హద్దు మాట ఏది, అది దేనికి వర్తిస్తుంది. మన కాగితంలోంచి నాలుగు వరసలు ఇలా వస్తాయి:

- 50 | కిలోలు | 50, ఆపైన | వాడదగిన బరువు
- 6 నుంచి 8 | గంటలు | గడిచాక | రెండు బిళ్ళల మధ్య, మామూలుగా
- 4 | గంటలు | కనీసం | రెండు బిళ్ళల మధ్య, ఇంతకు తగ్గకూడదు
- 3 | గ్రాములు | సాధారణంగా ఇంతకు మించి అవసరం ఉండదు | ఒక రోజులో మొత్తం

తర్జుమా అయ్యాక తెలుగు కాగితంలో ప్రతి అంకెనూ ఈ పట్టీలో వెతికి టిక్కు పెట్టండి. టిక్కు పడని వరస మిగిలితే ఏదో వదిలేశారు. పట్టీలో లేని అంకె తెలుగులో కనిపిస్తే మీరే చేర్చారు.

అంకెలు రాసే తీరు కూడా వేరు. ఫ్రెంచ్‌లో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. 0,5 గ్రా. అంటే అర గ్రాము, 1,5 గ్రా. అంటే గ్రామున్నర. మనకు కామా వేల దగ్గర వస్తుంది కాబట్టి ఆ కామా అలాగే దించితే చదివేవారికి అర్థం మారిపోతుంది, జిరాక్సులో కామా చెరిగిపోతే 1,5 కాస్తా 15 అవుతుంది. వేల దగ్గరేమో ఫ్రెంచ్‌వాళ్ళు ఖాళీ వదులుతారు: 1 000. వరస చివర అది విడిపోతే పైన 1, కింద 000 మిగులుతాయి. ఈ రెంటికీ పరిష్కారం ఒకటే. తెలుగులో అన్నిటినీ మిల్లీగ్రాముల్లోకి మార్చి కామా గానీ ఖాళీ గానీ లేకుండా రాయండి: 500 మి.గ్రా., 1000 మి.గ్రా., 3000 మి.గ్రా. పక్కనే బిళ్ళల లెక్క కూడా పెట్టండి, ఎందుకంటే ఇంట్లో వాళ్ళు లెక్కపెట్టేది బిళ్ళలనే. అయితే ఆ లెక్క ఫ్రెంచ్ కాగితంలోనే ఉండాలి, లేదా సూటిగా తేలిపోయేదై ఉండాలి. 3 గ్రాములు అంటే ఈ డబ్బాలో 3 బిళ్ళలు. ఇందులో సందేహానికి తావు లేదు.

హద్దు మాటలు

తప్పుడు తర్జుమాల్లో అంకె తప్పడం తక్కువ, దాని పక్కన మాట తప్పడం ఎక్కువ. 'ఆ పార్తీర్ ద 50' అంటే 50 దగ్గర మొదలై ఆపైన, అంటే సరిగ్గా 50 కిలోలు ఉన్నవారు కూడా లోపలికే వస్తారు. దీన్ని "50 కిలోలు దాటినవారు" అని రాస్తే సరిగ్గా 50 ఉన్నవారు బయటికి పోతారు. "50 కిలోలు, అంతకంటే ఎక్కువ బరువున్నవారు" అని రాయాలి. 'ప్లు ద 3 జూర్' మాత్రం "3 రోజులు దాటితే"నే. 'మ్వాఁ ద' అంటే అంతకంటే తక్కువ, ఆ అంకె అందులోకి రాదు. ముందు 'ఓ' చేరి 'ఓ మ్వాఁ' అయితే అర్థం తిరగబడుతుంది: కనీసం. ఒక్క అక్షరం తేడాతో "4 గంటలలోపు" ఉండాల్సిన చోట "కనీసం 4 గంటలు", లేదా అటుది ఇటు. ఈ రెండు మాటలు కనిపించిన ప్రతిచోటా పట్టీలో కింద గీత గీసుకోండి.

తెలుగులో "వరకు" అన్న మాటతోనూ జాగ్రత్త. "రోజుకు 3 బిళ్ళల వరకు వేసుకోవాలి" అని రాస్తే మూడూ వేసుకోవాలేమో అనుకునేవారు ఉంటారు. పై హద్దు చెప్పేటప్పుడు "మించకూడదు" అనండి, అనుమతి చెప్పేటప్పుడు "వేసుకోవచ్చు" అనండి. "వరకు" పక్కన "వాలి" పెట్టకండి.

గంటల చిక్కు

ఇది తెలుగులో తప్పక చూసుకోవలసిన చిక్కు. గడియారం చూపే గంటనూ, గడిచే గంటనూ మనం ఒకే మాటతో అంటాం. "ప్రతి 6 గంటలకు ఒక బిళ్ళ" అని రాసి ఇస్తే చదివినవారు ఉదయం 6 గంటలకు ఒకటి, సాయంత్రం 6 గంటలకు ఒకటి వేసుకున్నా వారి తప్పు లేదు. ఆ వాక్యానికి ఆ అర్థం కూడా ఉంది. ఇక్కడ నష్టం నొప్పి తగ్గకపోవడమే. కానీ "4 గంటలకు వేసుకోవచ్చు" అన్నచోట ఎవరైనా మధ్యాహ్నం రెండింటికి ఒకటి, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి ఒకటి వేసుకుంటే రెండు గంటల్లో రెండు వేల మిల్లీగ్రాములు పడతాయి.

కాబట్టి వ్యవధి చెప్పేచోట "గంటలకు" అనే రూపమే వాడకండి. "గంటలు గడిచాక", "గంటలు ఆగి", "గంటల వ్యవధి" అనండి. కింద ఒక ఉదాహరణ కూడా రాయండి: "ఉదయం 8 గంటలకు ఒక బిళ్ళ వేసుకుంటే, మధ్యాహ్నం 12 దాటేదాకా రెండోది ముట్టుకోకూడదు." గడియారం వేళకు "గంటలకు", వ్యవధికి "గంటలు" అని మొత్తం కాగితంలో ఒకే పద్ధతి పాటించాలి.

'పార్ జూర్' అన్నదాన్ని "రోజుకు" అని రాయడం తప్పేమీ కాదు, కానీ మన రోజు తెల్లవారితో మొదలవుతుంది. రాత్రి పదింటికి మూడో బిళ్ళ వేసుకున్నవారు, తెల్లవారుజామున నాలుగింటికి వేసుకున్నదాన్ని కొత్త రోజు ఖాతాలో వేస్తారు. "24 గంటల్లో" అని రాస్తే ఆ దారి మూసుకుంటుంది. కాగితం ఉద్దేశం కూడా అదే.

ఒక పేరాను పూర్తిగా చేసి చూద్దాం

ఫ్రెంచ్‌లో ఉన్న సంగతి ఇది: మామూలు మోతాదు ఒక్కో 'ప్రీజ్'కు 1000 మి.గ్రా. బిళ్ళ ఒకటి, 6 నుంచి 8 గంటలు గడిచాక మళ్ళీ. అవసరాన్ని బట్టి కనీసం 4 గంటలు గడిచాక మళ్ళీ వేసుకోవచ్చు. సాధారణంగా రోజుకు 3 గ్రాములు మించనక్కర్లేదు. నొప్పి తీవ్రమైతే, డాక్టరు సలహా మీద 4 గ్రాముల దాకా పెంచవచ్చు.

చాలామంది మొదటిసారి రాసేది ఇలా ఉంటుంది: "రోజుకు 3 నుంచి 4 బిళ్ళలు, 4 నుంచి 8 గంటలకు ఒకటి చొప్పున తీసుకొనవలెను." అంకెలన్నీ ఉన్నాయి. కానీ "అవసరాన్ని బట్టి" పోయింది కాబట్టి నొప్పి లేకపోయినా వేసుకుంటూ ఉండాలనిపిస్తుంది. నాలుగో బిళ్ళకు డాక్టరు అనుమతి అన్న షరతు పోయింది. "నాలుగుకు తగ్గకూడదు" అన్న హద్దు "నాలుగు నుంచి ఎనిమిది" అన్న వెసులుబాటులో కలిసిపోయింది. ఇంత చిన్న వాక్యంలో మూడు హెచ్చరికలు జారిపోయాయి.

సరిగా రాస్తే ఇలా:

> వేసుకునే ప్రతిసారీ ఒక్క బిళ్ళే (1000 మి.గ్రా.) వేసుకోండి.
> మామూలుగా అది వేసుకున్నాక 6 నుంచి 8 గంటలు గడిచాకే రెండోది వేసుకోవాలి.
> అవసరమైతే ఇంకాస్త ముందే వేసుకోవచ్చు. కానీ రెండు బిళ్ళల మధ్య కనీసం 4 గంటలు గడవాలి.
> మామూలుగా 24 గంటల్లో 3 బిళ్ళలకు (3000 మి.గ్రా.) మించి అవసరం ఉండదు.
> నొప్పి ఇంకా ఎక్కువగా ఉంటే, మీ డాక్టరు చెబితేనే, 24 గంటల్లో 4 బిళ్ళల (4000 మి.గ్రా.) దాకా వేసుకోవచ్చు.

ఒక ఫ్రెంచ్ వాక్యం రెండు తెలుగు వాక్యాలైనా పర్లేదు, ఒక వాక్యంలో ఒక అంకె ఉండడమే మేలు. 'ప్రీజ్' అంటే ఒకసారి మందు పుచ్చుకోవడం. "వేసుకునే ప్రతిసారీ" అనే మన మాట దానికి సరిగ్గా సరిపోతుంది. "మోతాదుకు" అని రాస్తే ఒకసారిదా రోజంతాదా అని సందేహం వస్తుంది.

కిడ్నీల గురించిన వాక్యం విడిగా రావాలి: మూత్రపిండాల పనితీరు బాగా తగ్గిపోయినవారికి రెండు బిళ్ళల మధ్య కనీసం 8 గంటలు, 24 గంటల్లో 3 బిళ్ళలు మించకూడదు. ఫ్రెంచ్ మాటకు అక్షరాలా "చాలకపోవడం" అని అర్థం. దాన్ని "కిడ్నీల లోపం" అని రాస్తే పుట్టుకతో వచ్చిన లోపం అనుకుంటారు. "కిడ్నీ జబ్బు" అంటే రాళ్ళున్నవారు కూడా తమ గురించే అనుకుంటారు. "కిడ్నీల పనితీరు బాగా తగ్గిందని డాక్టరు చెప్పినవారు" అంటే ఎవరికి చెప్తున్నామో వారికే చేరుతుంది.

50 కిలోల కంటే తక్కువ బరువున్న పెద్దవారి విషయం కూడా ఇదే కాగితంలో ఉంటుంది: వీలైనంత తక్కువ మోతాదు, అదీ ఒక్కో కిలో బరువుకు రోజుకు 60 మి.గ్రా. మించకుండా. 46 కిలోలున్న మామ్మకైతే 60 చొప్పున 2760 మి.గ్రా. వస్తుంది, అంటే మూడో వెయ్యి బిళ్ళకు చోటు లేదు. అయినా ఈ గుణకారం తర్జుమాలో పెట్టకండి. సూత్రాన్ని ఉన్నదున్నట్టు రాసి, "మీ బరువుకు ఎన్ని బిళ్ళలో డాక్టరును అడగండి" అని మీ గమనికలో చేర్చండి. లెక్కకట్టి మోతాదు నిర్ణయించడం తర్జుమా చేసేవారి పని కాదు.

హెచ్చరిక బలం తగ్గకుండా

ఫ్రెంచ్ కాగితం మూడు స్థాయుల్లో వద్దంటుంది. అస్సలు వాడకండి అనేది ఒకటి, వాడకపోవడమే మంచిది అనేది రెండోది, ముందు డాక్టరుకు చెప్పండి అనేది మూడోది. తెలుగులో వీటికి మూడు రూపాలు నిర్ణయించుకుని చివరిదాకా మార్చకండి: "వాడనే కూడదు", "వాడకపోవడం మంచిది", "వాడే ముందు డాక్టరుకు చెప్పండి". పారాసిటమాల్ అలెర్జీ, తీవ్రమైన కాలేయ జబ్బు మొదటి స్థాయిలో వస్తాయి. ఒకే మాట తిరిగితిరిగి వస్తోందని కాసేపు "మానండి" అని, కాసేపు "జాగ్రత్త వహించండి" అని మార్చి రాస్తే చదువరికి స్థాయి తెలియదు.

తెలుగులో కాదనే మాట వాక్యం చివర వస్తుంది. "తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు, పారాసిటమాల్ పడనివారు ఈ మందును ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు" అన్న వాక్యంలో, కళ్ళజోడు లేకుండా చదివేవారు "వాడ" దాకా వచ్చి ఆగిపోతే పని తిరగబడుతుంది. నిషేధాన్ని శీర్షిక చేయండి: "ఈ మందు వాడనే కూడనివారు" అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద ఒక్కో వరసలో ఒక్కో సంగతి పెట్టండి. "వాడ-" దగ్గర వరస విరగకుండా చూసుకోండి.

ఫ్రెంచ్‌లో బాగా మోసం చేసేది 'న ... క' జంట. 'న' కనిపించగానే కాదని అర్థం చేసుకుంటారు, కానీ వెనక 'క' ఉంటే అది "మాత్రమే". "పెద్దవారికి మాత్రమే వాడాలి" అనే వాక్యం "పెద్దవారికి వాడకూడదు" అయిపోయే ప్రమాదం ఇక్కడే. వాక్యం చివరిదాకా చూశాకే తెలుగు మొదలుపెట్టండి. ఇలాంటి చోట మనకు "-నే" ఉంది: డాక్టరు చెబితేనే, అవసరమైతేనే, పెద్దవారికే. ఒక్క అక్షరంతో షరతు బిగుస్తుంది, దాన్ని పుష్కలంగా వాడుకోండి.

మితిమీరిన మోతాదు గురించిన వాక్యంలో "కాలేయం దెబ్బతినవచ్చు" అన్నదానితో పాటు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలన్న సంగతి కచ్చితంగా ఉండాలి. ఫ్రాన్సులో 2019లో మందుల నియంత్రణ సంస్థ పారాసిటమాల్ డబ్బాల మీదే ఈ హెచ్చరిక పెట్టాలని నిర్ణయించింది: మోతాదు మించితే కాలేయం నాశనం కావచ్చు. ఫ్రెంచ్ మాట "నాశనం", దాన్ని "ఇబ్బంది"గా మెత్తబరచకండి. మొదట్లో ఏమీ తెలియకపోయినా వెళ్ళవలసిందే, ఎందుకంటే కాలేయానికి తగిలిన దెబ్బ కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడదు.

మాటలు: కొన్ని ఉచ్చులు

'ఆఁజీన్' అని ఉంటే గుండె నొప్పి కాదు, గొంతు నొప్పి, టాన్సిల్స్ వాపు. గుండెదైతే వెనక 'ద ప్వాత్రీన్' అని ఉంటుంది. సిరప్పుల కాగితంలో 'కుయ్యేర్ ఆ కఫే'ని కాఫీ చెంచా అనకండి, అది 5 మి.లీ. 'కుయ్యేర్ ఆ సూప్' 15 మి.లీ. ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు కాబట్టి మి.లీ. లెక్కే రాసి, డబ్బాతో వచ్చిన కొలత గిన్నెతో కొలవమనండి. 'ఆ జఁ' అంటే ఖాళీ కడుపు. దానికి "పరగడుపున" అని రాస్తే పొద్దున్నే మాత్రమే అనుకుంటారు, అందుకే మందు వేళ పగలెప్పుడైనా కావచ్చన్నచోట "ఖాళీ కడుపుతో" అనండి. దుష్ప్రభావాల శీర్షికలోని 'ఎవాన్తుయెల్' అంటే "రాగల", "తప్పక వచ్చే" కాదు.

మీ మాట వేరు, కాగితం మాట వేరు

కాగితంలో ఫ్రాన్సు అత్యవసర నంబరు 15 ఉంటుంది. అమలాపురంలో దాంతో పనిలేదు, కానీ దాన్ని చడీచప్పుడు లేకుండా 108గా మార్చకండి. తర్జుమాలో 15 అని ఉన్నదున్నట్టే రాసి, కింద గీత గీసి "తర్జుమా చేసినవారి గమనిక" అన్న పేరుతో "ఇక్కడ 108కి ఫోను చేయండి" అనండి. మరో గమనిక తప్పనిసరి: కాగితం "పారాసిటమాల్ ఉన్న ఇతర మందులు" అని ఊరుకుంటుంది. మన ఇంట్లో అది 650 జ్వరం బిళ్ళ, చాలా జలుబు బిళ్ళలు. వెయ్యి బిళ్ళలు మూడు వేసుకుని, మరిచిపోయి ఇంట్లోని 650 బిళ్ళలు రెండు వేసుకుంటే 4300 మి.గ్రా., గరిష్ఠ హద్దయిన 4000 దాటిపోయినట్టే. ఈ లెక్క గమనికలోనే ఉండాలి.

దాచడం గురించిన భాగంలో కొన్ని డబ్బాల మీద 25 డిగ్రీలనీ కొన్నిటి మీద 30 అనీ ఉంటుంది. ఏదైనా ఉన్నదున్నట్టే రాయండి. రోహిణీ కార్తెలో మన డాబా గది ఆ రెంటినీ దాటుతుంది కాబట్టి, గమనికలో "ఇంట్లో చల్లగా ఉండే చోట, ఎండ, తేమ తగలకుండా" అని చేర్చవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టమని కాగితం చెప్పకపోతే మీరూ చెప్పకండి.

పరీక్ష

అయ్యాక రెండు పరీక్షలు పెట్టండి. ఫ్రెంచ్ వచ్చిన మరొకరికి మీ తెలుగు మాత్రమే ఇచ్చి, అసలు కాగితం చూపకుండా దాన్ని మళ్ళీ ఫ్రెంచ్‌లో రాయించండి. అంకెలు, హద్దు మాటలు, షరతులు అసలుతో పోల్చండి. శైలి తేడాలను పట్టించుకోనక్కర్లేదు.

రెండోది మందు వేసుకునేవారి వయసువారితో. "అర్థమైందా మామ్మా?" అని అడిగితే మర్యాదకు అయిందనే అంటారు. బదులుగా ఇలా అడగండి: "పొద్దున్న ఎనిమిదింటికి ఒకటి వేసుకున్నావు, నొప్పి తగ్గలేదు. మళ్ళీ ఎన్నింటి తర్వాత వేసుకోవచ్చు? డాక్టరును అడక్కుండా రేపు పొద్దున్న ఎనిమిదింటిలోగా మొత్తం ఎన్ని దాటకూడదు? జలుబు బిళ్ళ కూడా వేసుకోవచ్చా?" పన్నెండు దాటాక, మూడు, ముందు అడగాలి అన్న జవాబులు కాగితం చూసి చెప్పగలగాలి. ఏ జవాబు తప్పితే ఆ వాక్యం తిరగరాసి, మరో కొత్త మనిషితో మళ్ళీ అడగండి. అదే మనిషికి మళ్ళీ ఇస్తే జ్ఞాపకంలోంచి చెప్తారు.

డాక్టరు చీటీలో ఉన్న మోతాదు, కాగితంలోని మోతాదు వేరైతే మీరు రెంటిలో ఏదీ మార్చకండి. తెలుగులో కాగితం మాటే ఉంచి, తేడా ఉందని గమనిక రాసి, మందు వేసుకునే ముందే డాక్టరుకో మందుల షాపు ఫార్మసిస్టుకో చూపించమనండి. తెలుగు ప్రతి మీద మందు పేరు, బలం, రూపం, ఫ్రెంచ్ కాగితం కింద ఉండే సవరణ తేదీ రాసి, రెండింటినీ కలిపి అదే డబ్బాలో పెట్టండి. వచ్చే ఏడాది కొత్త డబ్బా వచ్చినప్పుడు ముందు ఆ తేదీ చూడండి. మారితే పాత తెలుగు ప్రతి తీసేసి, అంకెల పట్టీ మళ్ళీ మొదటి నుంచి వేయండి.